‘అమ్మ’లో ఆ తెల్ల ఖాళీ ఎక్కడి నుంచి వస్తుంది?

*“‘అమ్మ’ అని రికార్డు చేసి, శబ్దాన్ని బొమ్మగా చూపించే Praat సాఫ్ట్‌వేర్‌లో చూశాను. ‘అ’ దగ్గర నల్ల పట్టీలు బాగా కనిపిస్తున్నాయి. ‘మ్మ’ దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా అంతా వెలిసిపోయి, మధ్యలో తెల్లటి ఖాళీ వచ్చింది. రెండూ గొంతు మోగిస్తూ పలికేవే కదా, మరి ఎందుకిలా? యాంటీఫార్మెంట్ అంటే ఇదేనా?”*

ముందు ఒక చిన్న పని చేసి చూడండి. పెదవులు మూసి ‘మ్‌మ్‌మ్’ అని సాగదీస్తూ ముక్కు రెండు వైపులా గట్టిగా నొక్కండి. క్షణంలో శబ్దం ఆగిపోతుంది. అదే ‘ఆ’ అంటూ నొక్కితే దాదాపు ఏ తేడా ఉండదు. మీరు చూసిన తేడా అంతా ఇక్కడే మొదలవుతుంది.

‘ఆ’ అన్నప్పుడు, కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూసేస్తుంది. స్వరతంత్రుల నుంచి పెదవుల దాకా ఒకటే గొట్టం మిగులుతుంది. ఎదిగిన మగవాళ్లలో దాని పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. ఆ గొట్టం కొన్ని ఫ్రీక్వెన్సీలను పెంచి పంపుతుంది. మనకు కనిపించే నల్ల పట్టీలు, అంటే ఫార్మెంట్లు, అవే. రెండు పట్టీల మధ్య పలచగా ఉండటానికి కారణం అక్కడ బలం రాకపోవడమే. అక్కడి శబ్దాన్ని ఎవరూ మింగెయ్యలేదు.

‘మ్’ అన్నప్పుడు అంగిలి కిందికి దిగుతుంది, పెదవులు మూసుకుంటాయి. శబ్దం గొంతులోంచి ముక్కులోకి మళ్లుతుంది. ఈ దారి నోటి దారి కంటే పొడవు, అందుకే మొదటి ఫార్మెంట్ 250–300 హెర్ట్జ్ దగ్గరికి దిగిపోతుంది. కింద మీకు కనిపించే నల్లటి గీత అదే. ముక్కు లోపల తడి పొరలు మడతలు మడతలుగా ఉంటాయి, శబ్దాన్ని పీల్చుకుంటాయి. బయటికి వచ్చే రంధ్రాలు కూడా చిన్నవి. అందువల్ల పై ఫార్మెంట్లు వెడల్పై, నీరసించి, మసకగా కనిపిస్తాయి. వెలిసిపోయినట్టు ఉండటానికి ఇది ఒక కారణం.

తెల్ల ఖాళీ కారణం వేరు. ముక్కు దారికి పక్కన నోరు ఇంకా అలాగే ఉంది. పెదవుల దగ్గర మూసుకుపోయిన సందులాంటిది అది. గొంతు నుంచి వచ్చిన శబ్దంలో కొంత ఆ సందులోకి కూడా వెళ్లి, మూసిన పెదవులకు తగిలి వెనక్కి వస్తుంది.

ఆ సందు పొడవు 8 సెంటీమీటర్లు అనుకోండి. వెళ్లి రావడానికి 16. ఏ శబ్ద తరంగానికైతే ఈ 16 సెంటీమీటర్లు సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం అవుతుందో, అది తిరిగి వచ్చేసరికి అసలు తరంగానికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది. ఇది పైకి లేచే క్షణంలో అది కిందికి దిగుతుంది. సందు మొదట్లో రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ముక్కు వైపు వెళ్లడానికి ఆ ఫ్రీక్వెన్సీలో దాదాపు ఏమీ మిగలదు. లెక్క ఇంతే:

```
f = c / (4 L)
35000 / (4 × 8) ≈ 1094 Hz
```

ఇక్కడ `c` అంటే శబ్ద వేగం, సెకనుకు 35000 సెంటీమీటర్లు. అలా 1000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దం పడిపోయే చోటే ‘మ’ యాంటీఫార్మెంట్. మీరు చూసిన ఖాళీ 1000 దగ్గరే ఉంటే మీ అనుమానం చాలావరకు నిజమే.

ఇదే లెక్క ‘న’కి వేయండి. నాలుక కొన పళ్ల వెనక ఆనుతుంది కాబట్టి సందు పొట్టిదవుతుంది. 5.5 సెంటీమీటర్లు అనుకుంటే దాదాపు 1600 హెర్ట్జ్ వస్తుంది. ‘రంగు’లో సున్నా పలికేటప్పుడు నాలుక వెనక భాగమే అంగిలికి ఆనుతుంది, ఇక సందు దాదాపు మిగలదు. ఖాళీ 3000 పైకి ఎగబాకుతుంది. కింద 250–300 దగ్గరి గీత మాత్రం మూడింటిలోనూ పెద్దగా కదలదు, ఎందుకంటే గొంతు, ముక్కు దారి మూడింటికీ ఒకటే. మారేది పక్క సందు పొడవు.

ఇది నాకు తేలిగ్గా అర్థమైన విషయం కాదు. ఎంఏలో ఉన్నప్పుడు అనునాసికాల ఫార్మెంట్లు కొలవమన్నారు. నా గొంతుతోనే ‘అమ్మ’, ‘అన్న’ ఇరవైసార్ల చొప్పున రికార్డు చేసి, Praat ఎర్రటి చుక్కలుగా చూపించే ఫార్మెంట్ విలువలను టేబుల్‌లోకి ఎక్కించాను. ఒకే ‘మ్మ’లో ఒకచోట రెండో ఫార్మెంట్ 1000 అంటోంది, పది మిల్లీసెకన్ల తర్వాత 1900 అంటోంది. రెండు వారాల పాటు రికార్డింగ్ చెడిందనే అనుకున్నాను. చివరికి మా మేడమ్ చూసి, “చుక్కల్ని నమ్మకమ్మా, అవి అచ్చుల కోసం వేసిన లెక్క” అన్నారు. ఆ చుక్కల వెనకున్న ఎల్‌పీసీ పద్ధతికి శబ్దాన్ని పెంచే చోట్లు మాత్రమే తెలుసు. మింగేసే చోటు అనేది ఆ లెక్కలోనే లేదు. లోయ ఎదురైనప్పుడు దాన్ని కూడా శిఖరాలతోనే సర్దాలని చూస్తుంది, అందుకే చుక్కలు అటూ ఇటూ గెంతుతాయి. మీ దగ్గరా ‘మ్మ’లో చుక్కలు చెదిరిపోయి ఉంటే కంగారు పడకండి, ఆ విలువలను మాత్రం ఎక్కడా రాసుకోకండి.

ఇంకో తప్పు కూడా చేశాను, అది నా గొంతు వల్ల. నా స్వరం 220 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, కాబట్టి ఆ స్వరం గుణిజాల దగ్గర వచ్చే గీతలు, అంటే హార్మోనిక్‌లు, 220కి ఒకటి చొప్పున దూరం దూరంగా పడతాయి. వాటి మధ్య ఎలాగూ ఖాళీయే. లోయ ఎక్కడుందో సరిగ్గా తేల్చడానికి అక్కడ నాకు చాలినన్ని గీతలు లేవు. నాన్నగారి చేత అవే మాటలు చెప్పించాను. ఆయన స్వరం 110 దగ్గర ఉంటుంది. ‘మ్మ’ మధ్యలో 50 మిల్లీసెకన్లు సెలెక్ట్ చేసి ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత బలం ఉందో చూపించే `View spectral slice` కొట్టాను. మొదటి రెండు మూడు హార్మోనిక్‌లు ఎత్తుగా నిలబడ్డాయి, 1000 దగ్గర వరసగా మూడు కుంగిపోయాయి, 1300 దాటాక మళ్లీ లేచాయి. ‘న్న’లో 1000 దగ్గరివి మామూలుగానే ఉన్నాయి, కుంగినవి 1600 చుట్టూ ఉన్నవి. తెలుగులో ద్విత్వం ఉండటం ఇక్కడ ఎంత కలిసొచ్చిందో చెప్పలేను. ‘మామ’లో మధ్య ‘మ’ చూసేలోపే అయిపోతుంది, ‘అమ్మ’లో ఆ హల్లు చాలాసేపు నిలకడగా ఉంటుంది.

తెల్లగా కనిపించిన ప్రతిదీ యాంటీఫార్మెంట్ కాదు. రెండు ఫార్మెంట్ల మధ్య మామూలు ఎడం కావచ్చు. ఫోన్లో నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే నీరసమైన భాగాన్ని అదే తుడిచేసి ఉండొచ్చు. ముక్కు పక్కనున్న సైనస్‌లు కూడా తమ వంతు చిన్న లోయలు చేరుస్తాయి, అవి మనిషి మనిషికీ వేరు. వీటిలో ఏదీ నోటిలో మూత పడే చోటుతో పాటు కదలదు. అసలైనది కదులుతుంది.

అది చూడటానికి రెండు మాటలు కూడా అక్కర్లేదు. పెదవులు మూసి ‘మ్’ సాగదీయండి. స్వరం మార్చకుండా, పెదవులు తెరవకుండా, నాలుక కొనను మెల్లగా పళ్ల వెనకకు ఆనించి, అంచులు కూడా పై పళ్లకు అంటేలా నొక్కండి. సందు ఇప్పుడు నాలుక దగ్గరే ఆగిపోతుంది, ముందున్న పెదవులతో దానికి పని లేదు. కింది నల్ల గీత ఉన్నచోటే ఉంటుంది, తెల్ల ఖాళీ మాత్రం నాలుక ఆనిన క్షణాన 1000 నుంచి 1600 వైపు జరుగుతుంది.