మామ్మ ఫోటో, తాత ఉత్తరం: ఎంత కదపాలి, పాట ఎక్కడ ఆపాలి

ప్రశ్న: మాది రాయగడ. వచ్చే నెల తాతగారి సంవత్సరీకం. ఆయన పాత ఫోటోలు ఇరవై దాకా, చేత్తో రాసిన ఉత్తరాలు ఆరు ఉన్నాయి. ఫోన్ యాప్‌లో పెడితే పెళ్లి వీడియోలా గిరగిరా తిరుగుతున్నాయి. కళ్లకి ఇంపుగా, నెమ్మదిగా ఎలా చెయ్యాలి? పాట ఏం పెట్టాలి?

జవాబు:

మాది బరంపురం. రెండేళ్ల కిందట మా మామ్మ సంవత్సరీకానికి ఆరు నిమిషాల సినిమా ఒకటి చేశాను. మూడుసార్లు చెడగొట్టి నాలుగోసారి నిలబెట్టాను. ఎక్కడెక్కడ చెడిందో అదే చెబుతాను.

మీరు ఫోటోలతో మొదలుపెట్టినట్టున్నారు. ముందు ఉత్తరం తీసుకోండి. మా తాత గుణుపురంలో పనిచేసేటప్పుడు మామ్మకి రాసిన ఇన్‌లాండ్ లెటరు ఒకటి దొరికింది. కానీ మా ఇంట్లో ఒక చిక్కుంది. మీకూ ఉండే ఉంటుంది. నా తరం వాళ్లం ఒడియా మీడియంలో చదివాం. తెలుగు మాట్లాడతాం గానీ సగం మందికి చదవడం రాదు. ఇద్దరు వదినలైతే ఒడియా ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఉత్తరాన్ని తెర మీద పెట్టి చదువుకోమంటే ఎవరు చదువుతారు? అందుకే మా పెద్దత్త చేత చదివించి ఫోన్లో రికార్డు చేశాను. ఫ్యాను ఆపి, కిటికీ మూసి. 'ఇక్కడ వాన వదల్లేదు. గొడుగు కమ్మి విరిగింది. నువ్వు పంపిన ఆవకాయ అందరికీ పెట్టాను.' ఇలాంటి మాటలే, 42 సెకన్లు వచ్చింది. ఆ 42 సెకన్లే నాకు కొలబద్ద అయ్యాయి. గొంతు ఎంతసేపుంటే బొమ్మ అంతసేపు. మొదటిసారి దీన్ని తిరగేసి చేశాను. బొమ్మలు ముందు పేర్చి, గొంతుని వాటిలో ఇరికించాను. అత్త వాక్యం మధ్యలో ఫోటో మారిపోయేది.

ఉత్తరం స్కాన్ చేసేటప్పుడు వెనక నల్ల కాగితం పెట్టండి. లేకపోతే రెండో వైపు రాత ఇటు కనబడి అక్షరాలు అలుక్కుపోతాయి. రంగులోనే స్కాన్ చెయ్యండి. ఆ ఇన్‌లాండ్ నీలం పోతే ఉత్తరం జిరాక్సు కాపీలా ఉంటుంది. మడతల గీతలు, సిరా మరకలు నేను తుడవలేదు.

రాత ఉన్న కాగితాన్ని కదపకపోవడమే మంచిదని నా అభిప్రాయం. నేను ముందు 20 సెకన్లలో 3 శాతం దగ్గరికి తీసుకెళ్లాను. నెమ్మదిగా ఉందిగా, బాగుంటుందనుకున్నాను. తీరా చూస్తే అక్షరాలు చలికి వణుకుతున్నట్టు కనిపించాయి. కారణం తర్వాత అర్థమైంది. 1920 పిక్సెళ్ల వెడల్పులో 3 శాతమంటే 58 పిక్సెళ్లు, అంటే ఒక్కో అంచు 29 పిక్సెళ్లు మాత్రమే జరగాలి. సెకనుకి 25 ఫ్రేముల చొప్పున 20 సెకన్లకి 500 ఫ్రేములు. సుమారు 17 ఫ్రేములకి ఒక పిక్సెల్ అన్నమాట. కొన్ని యాప్‌లు పిక్సెల్‌లో భాగాన్ని లెక్కలోకి తీసుకోవు. ఆగి, ఒక్కసారిగా పిక్సెల్ దూకి, మళ్లీ ఆగుతాయి. సన్నటి కలం గీతల మీద ఆ దూకుడు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నేను కంప్యూటర్లో డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాముకి మారాక ఇది పోయింది. అయినా ఉత్తరాన్ని కదలకుండానే ఉంచేశాను. చివర్లో తాత సంతకం దగ్గర మాత్రం వేరే షాటు.

ఇక ఫోటో. మామ్మది స్టూడియోలో తీసిన 3 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఫోటో ఉంది. కుర్చీ పక్కన నిలబడి, దాని వీపు మీద చెయ్యి వేసి. తెర అడ్డంగా ఉంటుంది, ఫోటో నిలువు. చాలామంది అటూ ఇటూ అదే ఫోటోని మసకగా నింపుతారు. నాకది నచ్చదు, టీవీ వార్తల్లో చూసినట్టుంటుంది. నేను ఫోటోలో కొంత భాగమే తెర నిండా చూపిస్తూ కింద నుంచి పైకి వెళ్లాను. అప్పుడే స్కాన్ లెక్క అడ్డొచ్చింది. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 పిక్సెళ్ల చొప్పున స్కాన్ చేస్తే వెడల్పు 1800 పిక్సెళ్లే. ఫోటో వెడల్పు మొత్తం తెర నిండా పెట్టినా 1920కి చాలదు, దగ్గరికెళ్తే ఇంకా మసక. 1200 డీపీఐలో మళ్లీ చేస్తే 3600 వచ్చాయి. అప్పుడు 1.6 అంగుళాల వెడల్పు ముక్కని తెర నిండా పెట్టినా పిక్సెళ్లు సాగవు. అయితే ఫోటోలోనే లేని వివరం స్కానులో పుట్టదు. ముందు భూతద్దంతో చూడండి. కనురెప్పలు అందులో కనిపించకపోతే ముఖం దగ్గరికి వెళ్లకండి.

కుర్చీ మీది చెయ్యి నుంచి ముఖానికి నా ఫోటోలో ఒకటిన్నర అంగుళం. తెర ఎత్తుతో పోలిస్తే ఒకటిన్నర రెట్ల కంటే కొంచెం ఎక్కువ దూరం. మొదట 5 సెకన్లలో పైకి తీసుకెళ్లాను. మా తమ్ముడు చూసి 'ఏటి, పోలీసు సోదాలా ఉంది' అన్నాడు. తర్వాత చెయ్యి దగ్గర 2 సెకన్లు ఆగి, 14 సెకన్లలో పైకి వెళ్లి, ముఖం దగ్గర 4 సెకన్లు ఆగేలా పెట్టాను. బయల్దేరేటప్పుడు మెల్లగా ఊపందుకుని, ఆగేటప్పుడు మెల్లగా తగ్గాలి. ఈజ్ అంటారు దాన్ని. రిజాల్వ్‌లో Dynamic Zoom వాడితే Ease In and Out ఎంచుకోండి. సమాన వేగంతో బయల్దేరితే బస్సు క్లచ్ వదిలినట్టు మొదట్లో ఒక కుదుపొస్తుంది.

ఇలాంటి ప్రయాణం సినిమా మొత్తంలో రెండుసార్లే చేశాను. మిగతా ఫోటోలన్నీ 8 సెకన్లలో 5 శాతం లోపే, కొన్ని అసలు కదలవు. ఒకటి దగ్గరికి వెళ్తే వెంటనే వచ్చేది దూరం జరగకూడదు, చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. మనిషిని వెనక దృశ్యం నుంచి కత్తిరించి విడిగా కదిపే పద్ధతి కూడా ప్రయత్నించాను. మామ్మ జుట్టు అంచు దగ్గర అట్టబొమ్మలా తేలింది. తీసేశాను.

పాట సంగతి. మొదటి ఫ్రేము నుంచే వేణువు పెట్టాను. అత్తలు ఏమీ చూడకముందే ఏడ్చేశారు, మూడో నిమిషానికి అలిసిపోయారు. నెట్‌లో పెడితే అంతకంటే వేరే గొడవ. అంతకు ముందోసారి త్యాగరాజ కీర్తన ఒకటి పాత రికార్డు నుంచి వాడి బంధువుల కోసం ఎక్కించాను. ఆ సైటు వాళ్లు శబ్దం ఆపేశారు. త్యాగరాజు 1847లోనే పోయాడు, కీర్తన మీద ఎవరికీ హక్కు లేదు. కానీ దాన్ని పాడి చేసిన రికార్డింగుకి మన చట్టం ప్రకారం విడుదలైన తర్వాత 60 ఏళ్ల హక్కు వేరే ఉంటుంది.

ఈసారి మా చిన్నత్త చేత వీణ మీద నీలాంబరి రాగంలో ఆలాపన వాయింపించాను. తాళం లేదు, అందుకే ఎక్కడ ఆపినా తెగినట్టుండదు. స్టూడియో ఫోటో కింద మొదలై, పెద్దత్త గొంతు రావడానికి 3 సెకన్ల ముందే సన్నగిల్లి పోతుంది. ఉత్తరం చదివినంతసేపూ ఏ సంగీతమూ లేదు. చదవడానికి ముందు అత్త ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది, దాన్ని కొయ్యలేదు. ఎక్కడైనా మాట కింద వీణ ఉండాల్సి వస్తే మాట కంటే 18 డెసిబెళ్లు తగ్గించాను. టీవీలో అదే సరిపోయింది.

ఆ రోజు చూపించే టీవీలోనే ముందు రాత్రి పెన్‌డ్రైవ్ పెట్టి ఒకసారి నడిపి చూడండి. వీడియో ఫైలు ఎమ్‌పీ4, హెచ్.264 రకం అయితే దాదాపు అన్ని టీవీలూ తీసుకుంటాయి. సెట్టింగ్స్‌లో కదలికని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఉంటే ఆపెయ్యండి. మా మావయ్య టీవీలో అది ఆన్‌లో ఉండి, మామ్మ చెయ్యి నీళ్లలో తేలుతున్నట్టు కనిపించింది.