హెచ్-4పై తొలి ఏడాది: ఖాళీ మధ్యాహ్నాలు ఎలా తగ్గాయి

ప్రశ్న: "పెళ్లయ్యాక హెచ్-4 వీసాపై అమెరికా వచ్చి ఐదు నెలలైంది. అంతకు ముందు ఆరేళ్లు ఉద్యోగం చేశాను. ఇక్కడ పని చేయడానికి వీల్లేదు, స్నేహితులెవరూ లేరు. ఆయన ఆఫీసుకు వెళ్లాక సాయంత్రం దాకా గోడల వంక చూస్తూ కూర్చుంటున్నాను. దీన్నుంచి బయటపడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

జవాబు:

నేను 2017 సెప్టెంబరులో ఇదే వీసాపై, అంటే హెచ్-1బి మీద పనిచేసేవారి భార్యగా, వచ్చాను. అంతకు ముందు ఏడేళ్లు కళాశాలలో గణితం చెప్పాను. పని చేసుకునే అనుమతి నా చేతికి రావడానికి మూడున్నరేళ్లు పట్టింది. అయితే నా ఒంటరితనం తగ్గింది ఆ అనుమతి వచ్చిన రోజున కాదు, అంతకు రెండేళ్ల ముందే. ఆ మొదటి ఏడాదిలో ఏది పనికొచ్చిందో, ఏది బెడిసికొట్టిందో నాకు తెలిసినంతవరకు రాస్తాను.

ముందుగా మీ రోజులో ఏ గంటలు బరువుగా ఉంటున్నాయో గమనించండి. మేముండేది తూర్పు తీరంలో. భారతదేశం మాకన్నా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటుంది. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా అమ్మతోనూ పాత సహోద్యోగులతోనూ ఫోనులో గడిచిపోయేది. మధ్యాహ్నం ఒంటి గంటయ్యేసరికి అక్కడ అందరూ పడుకునేవారు, ఈయన ఇంటికి వచ్చేది ఆరున్నరకు. నన్ను నిజంగా కుంగదీసింది ఆ ఐదున్నర గంటలే. దానికి నేను కనిపెట్టిన మందు మరీ చెడ్డది: అర్ధరాత్రి దాటేదాకా మేలుకుని, అక్కడ తెల్లవారిన చెల్లెలితో మాట్లాడడం మొదలుపెట్టాను. రెండు నెలల్లో నా నిద్ర సగం అక్కడి గడియారానికి మారిపోయింది. పొద్దున పదిన్నరకు లేచేసరికి ఈయన వెళ్లిపోయి ఉండేవారు, నేను కబుర్లు చెప్పుకునే వేళకు ఈయన నిద్రలో ఉండేవారు. ఫోను మాటలు ఎక్కువయ్యేకొద్దీ ఇక్కడి రోజు ఇంకా పలచబడుతుందని నాకు ఆలస్యంగా అర్థమైంది. చివరికి ఇంటికి ఫోను ఉదయం ఎనిమిదికి ఒక్కసారే అని కట్టడి చేసుకున్నాను. బయటి పని ఏదున్నా ఒంటి గంట తర్వాతే పెట్టుకున్నాను, ఎందుకంటే నిండవలసింది ఆ గంటలు.

ఇక బయటికి వెళ్లడమంటే, నడిచి చేరగల చోటు ఏదీ లేని ఊళ్లో అది కారు విషయం, కారంటే లైసెన్సు విషయం, లైసెన్సంటే కాగితాల విషయం. చిక్కు ఇక్కడే పడింది. ఇల్లు, కరెంటు, ఇంటర్నెట్, బ్యాంకు అన్నీ ఈయన పేరు మీదే ఉన్నాయి. అద్దె ఒప్పందంలో నన్ను అద్దెదారు అయిన టెనెంటుగా కాక, ఊరికే ఆ ఇంట్లో ఉండే ఆక్యుపెంటుగా రాశారు. లైసెన్సు కార్యాలయం వాళ్లు నా పేరుతో ఉన్న చిరునామా రుజువులు రెండు అడిగితే ఒక్కటీ చూపించలేకపోయాను. ఈ దేశంలో నేనున్నాననడానికి పాస్‌పోర్టులోని ముద్ర తప్ప మరో ఆధారం లేదన్న సంగతి ఆ కౌంటరు ముందు తెలిసివచ్చింది. ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చానని చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

ఆ తర్వాత చేసినవి వరుసగా చెబుతాను. అపార్టుమెంటు ఆఫీసుకు వెళ్లి ఒప్పందంలో నా పేరును కూడా టెనెంటుగా మార్పించాం. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా ఖాతాలో పేరు చేర్చడానికి మొదటి బ్యాంకు ఒప్పుకోలేదు. రెండోది పాస్‌పోర్టు చూసి, ఇద్దరం స్వయంగా వెళ్తే ఉమ్మడి ఖాతా తెరిచింది. నెల తిరిగేసరికి నా పేరుతో ఇంటికి వచ్చిన స్టేట్‌మెంటు రెండో రుజువైంది. పని అనుమతి లేని హెచ్-4 వారికి మామూలుగా సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు కాబట్టి, మా రాష్ట్రంలో లైసెన్సుకు దాని బదులు "ఈమెకు నంబరు పొందే అర్హత లేదు" అని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు రాసిచ్చే లేఖ అడిగారు. దరఖాస్తు ఇచ్చి, కాదనిపించుకుని, ఆ కాదన్న కాగితాన్నే భద్రంగా తెచ్చుకోవడం విచిత్రంగా ఉంటుంది గానీ, అది అక్కడికక్కడే చేతికిచ్చారు. ఈ నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి, కనుక మీ రాష్ట్రపు జాబితా చూసుకుని వెళ్లండి. నా వివరాలను కేంద్ర ప్రభుత్వ రికార్డులతో సరిపోల్చడానికి మరికొన్ని రోజులు పట్టింది. అది తిరస్కరణ కాదు, కంగారుపడకండి.

ఇదే సందర్భంలో i94.cbp.dhs.gov లో, మీరు దేశంలోకి వచ్చినప్పుడు నమోదైన ఐ-94 రికార్డు తెరిచి గడువు తేదీ చూసుకోండి. అది మీ భర్త వీసా తేదీతో సమానంగా ఉంటుందని అనుకోవద్దు. దేశంలోకి వచ్చేటప్పుడు మీ పాస్‌పోర్టు గడువు ముందుగా ముగిసేలా ఉంటే, ఐ-94 కూడా అంతవరకే ఇస్తారు. మీరు ఇక్కడ ఉండగల గడువును తేల్చేది ఆ తేదీయే, లైసెన్సు గడువు కూడా చాలాచోట్ల దానికే ముడిపడి ఉంటుంది.

లైసెన్సు వచ్చిన వారమే గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఇంగ్లిషు సంభాషణ బృందం కూర్చునేది; ఇలాంటివి చాలా ప్రజా గ్రంథాలయాల్లో ఉచితంగా జరుగుతాయి. నాకు ఇంగ్లిషు వచ్చు కదా, అక్కడ నాకేం పని అన్న అహం కొంత అడ్డొచ్చింది. మొదటి మూడు వారాలు ఏమీ జరగలేదు: పేరు, ఊరు, వాతావరణం, సెలవు. నాలుగో వారం జ్వరమని వెళ్లలేదు. ఐదో వారం వెళ్లగానే వేరే దేశం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "పోయినవారం కనిపించలేదేం, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. నేను రాకపోతే గమనించే మనిషి ఈ దేశంలో మా ఆయన కాక మరొకరు ఉన్నారని తెలిసిన క్షణం అది. నాకు కొరవడింది మాట్లాడే మనుషులు కాదు, మాటలు ఫోనులో కావలసినన్ని ఉన్నాయి. ఫలానా రోజు ఫలానా వేళకు నా కోసం ఎదురుచూసే చోటు కొరవడింది. అందుకే ఒకసారి వెళ్లి ముగించే విందులకన్నా, అవే ముఖాలు ప్రతి వారం కనిపించే చోటునే ఎంచుకోమంటాను. కనీసం ఎనిమిది వారాలు వెళ్లనిదే అది మీకు సరిపడదని తేల్చుకోకండి. మా ఆయన స్నేహితుల ఇళ్లకు నెలకోసారి వెళ్లేవాళ్లం గానీ, అక్కడ నేను ఎప్పుడూ "ఫలానా ఆయన భార్య"నే. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో నాలుగు కోర్సులు కూడా పూర్తి చేశాను. చదువు వంటబట్టింది, ఒంటరితనం అంగుళం కదల్లేదు.

ఆ బృందం ద్వారానే, పెద్దవయసులో హైస్కూలు సమాన పరీక్షకు చదువుకునేవారికి లెక్కలు చెప్పే స్వచ్ఛంద కార్యక్రమం తెలిసింది. వారానికి రెండు మధ్యాహ్నాలు వెళ్లేదాన్ని. భిన్నాలు తెలియని యాభై ఏళ్ల లారీ డ్రైవరుకు భిన్నాలు చెబుతున్నప్పుడు, వచ్చిన నాటి నుంచి పోగొట్టుకున్నాననుకున్న నా వృత్తి నాకు మళ్లీ దొరికింది.

ఇక్కడ ఒక హద్దు ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లాభాపేక్ష లేని సంస్థలో, ఎప్పుడూ స్వచ్ఛంద సేవకులే చేసే పనిని, జీతం గానీ దానికి బదులుగా మరే ప్రతిఫలం గానీ తీసుకోకుండా చేయవచ్చు. ఒక చిన్న వ్యాపారి మాత్రం "ఇప్పుడు ఊరికే లెక్కలు చూడండి, అనుమతి వచ్చాక డబ్బు ఇస్తాను" అన్నాడు. వ్యాపార సంస్థలో జీతం ఇవ్వాల్సిన పనిని ఉచితంగా చేసినా అనుమతి లేని ఉద్యోగంగా లెక్కపడే ప్రమాదం ఉంది, కాదన్నాను. మా పాత కళాశాల వాళ్లు ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పమని అడిగినప్పుడూ ఒప్పుకోలేదు. జీతం రూపాయల్లో వచ్చినా, పని చేసే మనిషి ఉన్నది ఈ నేల మీద. అలాంటిది ఏదైనా వస్తే ముందుగా వలస చట్టాల న్యాయవాదిని అడగండి, స్నేహితుల మాట మీద నడవకండి. చదువుకోవడానికి మాత్రం హెచ్-4 మీదే వీలుంది, వీసా మార్చుకోనక్కర్లేదు.

పని అనుమతి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాని కోసమే ఎదురుచూస్తూ మిగతా జీవితాన్ని ఆపుకునేవారిని చాలామందిని చూశాను, మొదటి ఏడాది నేనూ అదే చేశాను. 2015 మే నుంచి కొందరు హెచ్-4 వారికే ఈ అవకాశం ఉంది: భర్త గ్రీన్‌కార్డు కోసం పెట్టిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది ఉండాలి, లేదా ఆయన హెచ్-1బి గ్రీన్‌కార్డు ప్రక్రియ ఆధారంగా ఆరేళ్లు దాటి పొడిగింపబడి ఉండాలి. అప్పుడు మీరు ఐ-765 దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి కంపెనీ గ్రీన్‌కార్డు ప్రక్రియ మొదలుపెట్టిందా, ఏ దశలో ఉందన్నది మీ ఆయనను సూటిగా అడగండి. ఇంకా మొదలే కాకపోతే మీ నిరీక్షణ నెలల్లో కాక ఏళ్లలో ఉండవచ్చు, ఆ లెక్క తెలిసి ఉండటం మంచిది.

మీ ఆయనతో ఇంకొక మాట కూడా మాట్లాడవలసి ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకు తలుపు తెరుచుకోగానే, పగలంతా పోగైన నా మాటలన్నీ ఆయన మీద కుమ్మరించేదాన్ని. ఆయన పగలంతా మీటింగుల్లో మాట్లాడి అలసి వచ్చేవారు. ఆయన మౌనం నాకు నిర్లక్ష్యంగా కనిపించేది, నా మాటలు ఆయనకు ఫిర్యాదులుగా వినిపించేవి. వచ్చిన అరగంట ఎవరికి వారుగా ఉండి, తర్వాత ఇద్దరం కలిసి నడవాలని ఒప్పందం చేసుకున్నాం. అది కొంత సాయపడింది, కానీ నాకు మంగళవారాలు దొరికాకే నిజంగా నిలబడింది.

రెండు వారాలకు పైగా దాదాపు ప్రతి రోజూ నిద్ర, ఆకలి చెడిపోయి, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకపోతే దాన్ని ఒంటరితనమని సర్దిచెప్పుకోకుండా వైద్యుడిని కలవండి. చాలా కంపెనీల్లో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం అని ఒకటి ఉంటుంది. ఉద్యోగి కుటుంబ సభ్యులకు కూడా కొన్ని కౌన్సెలింగ్ కలయికలు ఉచితంగా ఇస్తారు, మీరు చెప్పినవి కంపెనీకి చెప్పరు. మాకూ ఉంది, ఏడాదిన్నర దాకా మాకు తెలియదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే 988 కు ఫోను చేయండి, పగలూ రాత్రీ పలుకుతారు.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకోకండి. మీరు ఊరి పేరు చెప్పలేదు గానీ, ఎక్కడున్నా ముందు మీ అద్దె ఒప్పందం తీసి, మీ పేరు ఏ గడిలో ఉందో చూడండి. మా విషయంలో దాన్ని మార్పించడానికి పట్టింది ఇరవై నిమిషాలు, ఒక సంతకం.