ఖాళీ సమయంలో ఏ పని? ముందు చేతిలో ఉన్నదాని లెక్క

ప్రశ్న: మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. మధ్యాహ్నం రెండు తర్వాత ఖాళీయే. ట్యాలీ కోర్సు చేశాను, మెహందీ పెడతాను, అమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకున్నాను. నాన్న బట్టల షాపులో గుమాస్తా. ఇంట్లో అన్న లాప్‌టాప్ ఉంది, అన్న రాత్రి ఏడింటికి డ్యూటీ నుంచి వస్తాడు. కుట్టుమిషను ఉంది గానీ అమ్మ చీకటిపడేదాకా దాని మీదే ఉంటుంది. నెలకు నాలుగు వేలు వచ్చినా చాలు. ఒకరు ట్యూషన్లంటారు, ఒకరు ఇంటి దగ్గర డేటా ఎంట్రీ అంటారు. ఏది చేయమంటారు?

జవాబు: ఏది చేయాలో ఇప్పుడే తేల్చుకోవద్దు. మీ ఉత్తరంలో పనులు, పనిముట్లు, మనుషులు, సమయం అన్నీ ఉన్నాయి గానీ, అవన్నీ ఒకే వేళకు ఒకచోట కలుస్తాయా అన్నది లేదు. ఒక పెద్ద కాగితం తీసుకుని సమయం, నైపుణ్యం, పనిముట్లు, పరిచయాలు అని నాలుగు గడులు గీయండి, ఒక్కో పనికి ఒక వరుస పెట్టండి. నాలుగూ కలిసిన చోట నిలిచేవే మీకు సాధ్యమైన పనులు.

సమయం గడితో మొదలుపెట్టండి, ఎందుకంటే అందరూ ఎక్కువగా పొరబడేది అక్కడే. ఒక వారం పాటు అరగంటకొకసారి ఏం చేశారో నోటుబుక్కులో రాయండి. అన్నం తిని కాస్త నడుం వాల్చడం, బియ్యం ఏరడం, నీళ్లు పట్టడం, రికార్డు రాయడం ఇవన్నీ పోగా, రెండు నుంచి తొమ్మిది దాకా ఖాళీ అన్నవారికి సాధారణంగా రెండు గంటలు మిగులుతాయి. మీకు సోమవారం నుంచి శనివారం దాకా నాలుగు నుంచి ఆరు, ఆదివారం ఉదయం మూడు గంటలు తేలాయనుకుందాం. నెలకు సుమారు 64 గంటలు. వాటన్నింటినీ అమ్మగలిగినా, నాలుగు వేలు రావాలంటే గంటకు దాదాపు రూ.63 మిగలాలి. ఇంటర్నల్స్ వారాలు తీసేస్తే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. దీన్ని కాగితం పైభాగాన రాసుకోండి, ప్రతి పనినీ దీనితోనే కొలవాలి.

నైపుణ్యం గడిలో సర్టిఫికెట్లు రాయవద్దు. ఇంతవరకు ఎవరైనా మిమ్మల్ని అడిగి చేయించుకున్న పని, లేదా ఇప్పుడే చేసి చూపగలిగిన పని మాత్రమే రాయండి. ట్యాలీ విషయంలో నలభై కొనుగోలు బిల్లులు ముందు పెట్టుకుని, గడియారం చూసుకుంటూ ఎంట్రీ చేయండి. కొత్తవారికి బిల్లుకు మూడు నిమిషాలు పట్టడం మామూలే. ఆ తర్వాత మొత్తాలు సరిచూసుకుని, ఎన్ని తప్పులు దొర్లాయో పక్కన రాయండి. ఆ రెండు అంకెలే మీ నైపుణ్యం.

పనిముట్ల గడిలో వస్తువు పేరు రాసి ఊరుకోకుండా, అది ఎవరిది, ఏ వేళకు మీ చేతికి వస్తుంది, దానితో డబ్బు వచ్చే పని సాగుతుందా అన్న మూడు సంగతులూ రాయాలి. మీ అమ్మగారి మిషను నాలుగు నుంచి ఆరు దాకా ఖాళీగా ఉండదు కాబట్టి, కుట్టుపని ఎంత బాగా వచ్చినా ఆ వరుస ప్రస్తుతానికి కొట్టివేయాల్సిందే. లాప్‌టాప్ వేళకు దొరుకుతుంది, అయితే అందులోని ట్యాలీకి లైసెన్సు ఉందా? లైసెన్సు లేకుండా ఎడ్యుకేషన్ మోడ్‌లో నడిచే ట్యాలీ నెలలో ఒకటో తేదీ, రెండో తేదీ, చివరి తేదీలకు మాత్రమే ఎంట్రీలు తీసుకుంటుంది. నేర్చుకోవడానికి అది సరిపోతుంది, షాపు లెక్కలకు పనికిరాదు. అలాంటప్పుడు మీకు కావలసిన పనిముట్టు మీ ఇంట్లో లేదు, షాపులోనో పన్ను లెక్కలు చూసే అకౌంటెంటు ఆఫీసులోనో ఉంది. గడిలో ఆ మాటే రాయండి.

పరిచయాల గడిలో ఫోనులో ఉన్న రెండు వందల నంబర్లు లెక్కకు రావు. పని స్వయంగా ఇవ్వగలిగినవారు ఎవరు, ఇచ్చేవారి దగ్గరకు తీసుకెళ్లగలిగినవారు ఎవరు అని విడివిడిగా రాస్తే ఐదారు పేర్లకు మించవు. మీ విషయంలో అసలైన పేరు నాన్నగారే. బట్టల వ్యాపారం, బంగారం వ్యాపారం ఇంత దట్టంగా ఉన్న ప్రొద్దుటూరులో బిల్లులకు కొదవ లేదు, వాటి లెక్కలు చూసే అకౌంటెంట్లు ఆయనకు ముఖపరిచయస్తులే అయి ఉంటారు. అయితే ఈ పరిచయానికి వెల ఉందని కూడా పక్కనే రాసుకోండి. మీ ఎంట్రీలో తప్పు దొర్లితే యజమాని ముందు తలవంచుకునేది ఆయనే. అందుకే నా సలహా, నాన్నగారి షాపు కాకుండా ఆయనకు తెలిసిన అకౌంటెంటు దగ్గర మొదలుపెట్టడం మేలు. అక్కడ మీ పనిని సరిచూసే మనిషి ఉంటాడు.

ఇప్పుడు నాలుగు గడులనూ కలపండి. బిల్లుల ఎంట్రీ వరుసలో, నెలకు 300 బిల్లులున్న ఒక షాపు పని రూ.1,500కు దొరికిందనుకుందాం. బిల్లుకు మూడు నిమిషాల చొప్పున 15 గంటలు, గంటకు రూ.100. చూడటానికి బాగుంది. అయితే ప్రతి నెలా జీఎస్టీ రిటర్న్ వేసే షాపు అమ్మకాల వివరాలు తరువాతి నెల 11వ తేదీలోగా వెళ్లాలి, పన్ను లెక్క 20వ తేదీలోగా. షాపువారు బిల్లుల కట్ట నెలాఖరున ఒకేసారి ఇస్తే మీకు మిగిలేది పది రోజులు, అంటే సుమారు 21 గంటలు. అందులో ఒక షాపు పడుతుంది, రెండోది పట్టదు. వారానికోసారి బిల్లులు ఇస్తామంటే మాత్రం లెక్క మారుతుంది. ఇంకో మాట, రిటర్న్ వేయడం అకౌంటెంటు బాధ్యత. షాపువారి పాస్‌వర్డులు, ఓటీపీలు మీ దగ్గర పెట్టుకోవద్దు.

ట్యూషను వరుసలో, మూడు నుంచి ఐదో తరగతి పిల్లలు ఆరుగురు, ఐదు నుంచి ఆరు దాకా, ఒక్కొక్కరికి రూ.300 అనుకుంటే నెలకు రూ.1,800. ఇరవైఆరు గంటలకు గంటకు దాదాపు రూ.69. మీ వీధిలో నిజంగా ఎంత ఇస్తారో ఇద్దరు తల్లులను అడిగి ఆ అంకె సరిచేసుకోండి.

రెండూ విడివిడిగా మీరు కాగితం పైన రాసుకున్న గంటకు రూ.63 దాటాయి కాబట్టి రెండూ చేస్తానని అనిపిస్తుంది. కానీ ఒకే గంటను ఇద్దరికి అమ్మలేం. రోజూ ఐదు నుంచి ఆరు పిల్లలకు పోతే, నెల మొదటి పది రోజుల్లో బిల్లులకు మిగిలేది 12 గంటలే, కావలసింది 15. పైగా ఇంట్లో పిల్లలు, అకౌంటెంటు ఆఫీసులో కంప్యూటరు; మధ్యలో దారి ఖర్చయ్యే సమయం వేరే. రెండూ కలిపినా రూ.3,300 దాటవు.

మెహందీ ఆదివారం వరుసలో నిలుస్తుంది. అయితే అది ముహూర్తాలను బట్టి వచ్చే పని. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో ఆడవాళ్లు ఇంట్లోనే గోరింటాకు రుబ్బుకుంటారు, శ్రావణంలో మళ్లీ పిలుపులు వస్తాయి. కాబట్టి నెల ఆదాయంలో కలపకుండా విడిగా రాయండి. ఇంటి దగ్గర డేటా ఎంట్రీ అన్నవారు ముందుగా రిజిస్ట్రేషను డబ్బు అడిగితే దాన్ని జాబితాలోకే రానివ్వవద్దు.

ఇలా మీ కాగితం మీద మూడు వరుసలు మిగిలాయి. ఒక్కోదాని పక్కన ఇంకా తెలియని సంగతి ఒక్కటి రాయండి. ట్యూషనుకు వీధిలో ఇచ్చే ఫీజు, మెహందీకి నిరుడు ఎన్ని పిలుపులు వచ్చాయన్నది, బిల్లులకు పనిముట్టు. ఈ మూడోది తేలాలంటే నాన్నగారితో వెళ్లి అకౌంటెంటును కలవాలి. జీతం మాట ఎత్తకముందే, నాలుగు నుంచి ఆరు దాకా ఆఫీసులో ఖాళీగా ఉండే కంప్యూటరు ఉందా, షాపుల బిల్లులు ఏ తేదీన చేతికొస్తాయి అని అడగండి. ఆయన చెప్పే జవాబును బట్టి ఆ వరుస నిలుస్తుందో, కొట్టివేయాలో తెలుస్తుంది.