స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో మాట వెతికితే ఎందుకు దొరకట్లేదు?

ప్రశ్న: మా నాయనమ్మ దాచుకున్న పాత గృహవైద్యం పుస్తకాన్ని వైజాగ్‌లో, ద్వారకానగర్ జిరాక్స్ షాపులో స్కాన్ చేయించాను. ఫోన్లో పేజీలు చక్కగా కనిపిస్తున్నాయి. కానీ ఏ మాట వెతికినా దొరకట్లేదు, కాపీ కూడా అవ్వట్లేదు. అమ్మకి చూపు తగ్గింది, ఫోన్ చదివి వినిపిస్తుందనుకుంటే అదీ లేదు. ఫైల్ పాడైందా?

జవాబు:

ఫైల్ పాడవలేదండీ. అందులో ఉన్నవి అక్షరాలు కావు, అక్షరాల ఫొటోలు. అందుకే ఫోన్‌కి చదవడానికి ఏమీ దొరకట్లేదు.

టైపు చేసిన పేజీలో "శొంఠి" అని ఉంటే ఫైల్లో దానికి అయిదు యూనికోడ్ నంబర్లు, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా గుర్తించే అక్షరాల నంబర్లు ఉంటాయి: శ, ఒత్వం, సున్నా, ఠ, గుడి, ఒక్కోదానికి ఒకటి. మీరు శొంఠి అని వెతికితే ఫోన్ అదే వరసలో ఆ నంబర్లు ఎక్కడున్నాయో చూస్తుంది. చదివి వినిపించే టాక్‌బ్యాక్‌కి కూడా ఆ నంబర్లే ఆధారం. స్కాన్ చేసిన పేజీలో అవి ఉండవు. ఎ4 పేజీని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2480 అడ్డం, 3508 నిలువు, అంటే దాదాపు 87 లక్షల చుక్కలు వస్తాయి. ఏ చుక్క ఎంత నలుపో మాత్రమే ఫైల్‌కి తెలుసు. అందులో శొంఠి ఎక్కడుందో, కాగితం మరక ఎక్కడుందో దానికి తేడా లేదు.

ఒక మాట మీద వేలు నొక్కిపెట్టి చూడండి. ఆ మాట ఒక్కటే ఎంపికైతే లోపల అక్షరాలున్నట్టు. ఏమీ ఎంపిక కాకపోతే బొమ్మే అనుకోవచ్చు. ఉబుంటు ఉన్న కంప్యూటర్ ఉంటే టెర్మినల్‌లో `pdffonts scan.pdf` అని కొట్టండి. స్కాన్ ఫైలైతే ఫాంట్ల జాబితా ఖాళీగా వస్తుంది.

ఆ చుక్కల్ని చూసి ఇది శ, ఇది ఠ అని పోల్చి నంబర్లుగా మార్చే పనినే ఓసీఆర్ అంటారు. నేను మా పెద్దమ్మ కోసం ఇలాంటి పాత పుస్తకమే చేశాను, ఆవిడకీ చూపు సమస్యే. అందులో నాకు బాగా అర్థమైంది ఏమిటంటే, తెలుగు విషయంలో ఫలితం చాలావరకు స్కాన్ దగ్గరే తేలిపోతుంది.

షాపుల్లో ఫైల్ చిన్నదిగా రావాలని తక్కువ డీపీఐలో, నలుపు తెలుపుల్లో చేసి ఇచ్చేస్తుంటారు. ఇంగ్లీషు ఉత్తరానికి అది సరిపోవచ్చు, మన లిపికి చాలదు. 12 పాయింట్ల అచ్చు అంగుళంలో ఆరో వంతు ఎత్తు. 300 డీపీఐలో దానికి 50 చుక్కల ఎత్తు దొరుకుతుంది, 100 డీపీఐలో 17 కూడా రాదు. ఆ పదిహేడులోనే అక్షరం, దాని తలకట్టు, కింద ఒత్తు అన్నీ ఇమడాలి. ద, ధ రెండింటికీ తేడా కింద ఉన్న చిన్న గీత. థకి కడుపులో చుక్క. చుక్కలు చాలకపోతే ముందు పోయేవి ఇవే. పైగా మన సముద్రపు తేమకి పాత కాగితం గోధుమరంగు మరకలు పడి ఉంటుంది, వెనక పేజీ సిరా ఇటు కనబడుతుంది. నలుపు తెలుపుల స్కాన్‌లో మరక కూడా నల్లగా మారి అక్షరానికి అతుక్కుంటుంది. ఒకసారి అలా అయ్యాక ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు.

కాబట్టి పుస్తకం ఇంకా మీ దగ్గరుంటే మళ్లీ స్కాన్ చేయించండి. "300 డీపీఐ, గ్రేస్కేల్" అని స్పష్టంగా చెప్పండి, గ్రేస్కేల్ అంటే నలుపు తెలుపులతో పాటు మధ్యలోని బూడిద ఛాయలు కూడా ఉండే స్కాన్. అచ్చు చాలా చిన్నదైతే 400 అడగండి. ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకోవడం మంచిది. పేజీలకు ఫొటోలు తీసి వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది నాణ్యత తగ్గించేస్తుంది, తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపమనండి.

నాలుగైదు పేజీలే అయితే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే చాలు, అక్షరాలు వచ్చేస్తాయి. పుస్తకం మొత్తానికైతే టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ నయం. దీన్ని మొదట హెచ్‌పీ కంపెనీ తయారుచేసింది, 2005 నుంచి అందరికీ ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. ఉబుంటు టెర్మినల్‌లో, టెసరాక్ట్‌ను పీడీఎఫ్ మీద నడిపే `ocrmypdf`తో ఇలా:

```
sudo apt install ocrmypdf tesseract-ocr-tel
ocrmypdf -l tel --deskew --sidecar pustakam.txt scan.pdf pustakam.pdf
```

`--deskew` వంకర పేజీని సరిచేస్తుంది. వరస వంగి ఉంటే కింది ఒత్తులు పక్క వరసలో కలిసిపోతాయి, అందుకే అది ముఖ్యం. పుస్తకంలో ఇంగ్లీషు కూడా ఉంటే `tel+eng` అని రాయండి, లేకపోతే వద్దు, తెలుగు అక్షరాన్నే ఇంగ్లీషు అక్షరంగా పొరబడే అవకాశం ఉంది.

ఇప్పుడు వచ్చే పీడీఎఫ్ చూడటానికి పాతదానిలాగే ఉంటుంది. గుర్తించిన అక్షరాలు బొమ్మ వెనక కనబడకుండా పరిచి ఉంటాయి. వెతికితే దొరుకుతాయి. కానీ దీనివల్లే ఒక ఇబ్బంది ఉంది: తప్పు చదివినా మీకు తెలియదు, ఎందుకంటే కంటికి కనిపించేది అసలు పేజీ. `--sidecar`తో వచ్చిన `pustakam.txt` అందుకే. అందులో ఓసీఆర్ నిజంగా ఏం చదివిందో అది మాత్రమే ఉంటుంది.

మా పుస్తకంలో పేజీని, ఆ ఫైల్‌ను పక్కపక్కన పెట్టుకుని చూస్తే తప్పులు ఒకే తీరులో కనబడ్డాయి. "ధనియాలు" చాలాచోట్ల "దనియాలు" అయింది. "పిప్పళ్లు"లో ఒత్తు పోయి "పిపళ్లు" అయింది. ఇలాంటివి ఎడిటర్‌లో వెతికి ఒకేసారి మార్చేయొచ్చు. మార్చే ముందు ఒక్కోటీ చూసుకోవాలి, "దనం" అన్న ముక్క "చందనం"లో కూడా ఉంటుంది కదా, దాన్ని "ధనం"గా మార్చేస్తే సరైన మాట చెడుతుంది. ఒకే పేజీలో మాత్రమే మాటలన్నీ గజిబిజిగా ఉంటే అది అక్షరాల గొడవ కాదు, స్కాన్ గొడవ. ఆ పేజీ ఒక్కటీ మళ్లీ స్కాన్ చేయించండి.

మాట ఎంపికవుతోంది కానీ కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే అది వేరే కథ. పాత డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లలో అలా అవుతుంది. అక్కడ నంబర్లు ఉన్నాయి గానీ అవి యూనికోడ్ నంబర్లు కావు. దానికి పై ఆదేశంలో `--force-ocr` చేర్చండి, లోపలి అక్షరాలను పక్కనపెట్టి పేజీని బొమ్మలా చూసి కొత్తగా చదువుతుంది.

అమ్మగారికి వినిపించేటప్పుడు పీడీఎఫ్ కన్నా సరిచేసిన టెక్స్ట్ ఫైలే ఇవ్వండి, టాక్‌బ్యాక్ దాన్ని సాఫీగా చదువుతుంది. అయితే ఇది వైద్యం పుస్తకం. మాట తప్పైతే వినేవాళ్లు అర్థం చేసుకుంటారు, అంకె తప్పైతే ఎవరికీ తెలియదు. ½ కాస్తా 1 కావచ్చు, 3 కాస్తా 8 కావచ్చు. తులాలు, చెంచాలు, రోజులు ఉన్న ప్రతి వరసనూ అసలు పేజీతో పోల్చి చూశాకే ఆవిడకి ఇవ్వండి. నాయనమ్మగారు అంచుల్లో పెన్నుతో రాసుకున్నవి ఉంటే టెసరాక్ట్ చదవలేదు, అది అచ్చు అక్షరాల కోసం చేసింది. వాటిని మీరే టైపు చేసి ఆ పేజీ దగ్గర చేర్చండి.