ష్యూరిటీ సంతకం పెట్టి బ్యాంకు నోటీసు అందుకున్న మా తమ్ముడి కొడుక్కి

నాయనా,

నువ్వు ఫోటో తీసి పంపిన నోటీసు రెండుసార్లు చదివాను. రాయదుర్గంలో నీ స్నేహితుడు జీన్స్ కుట్టే యూనిట్ కోసం 6 లక్షలు అప్పు తీసుకున్నాడు, నువ్వూ అతని బావమరిదీ ష్యూరిటీ సంతకాలు పెట్టారు, ఇప్పుడు రెండు కంతులు కట్టలేదు, ఇంకా 4,80,000 బాకీ ఉంది. ఫోన్లో నువ్వు పదేపదే అన్నమాట ఒకటే: "అప్పు తీసుకుంది వాడు కదా పెదనాన్నా, ముందు వాడి మెషిన్లు అమ్ముకుని, చాలకపోతే అప్పుడు కదా నా దగ్గరికి రావాలి." అందరూ ఇలాగే అనుకుంటారు. బ్యాంకులో ముప్పై ఏళ్లు పని చేశాను, ఈ మాట కౌంటర్ అవతలి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కానీ చట్టం అలా లేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో ష్యూరిటీ బాధ్యత కూడా అంతే. సుప్రీంకోర్టు 1968లోనే బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో తేల్చేసింది, ముందు అప్పు తీసుకున్నవాడి మీద దారులన్నీ మూసుకుపోయాకే ష్యూరిటీని అడగాలనే నిబంధన ఏమీ లేదని. బ్యాంకు ఎవరిని పట్టుకుంటే సులువో వాళ్లనే పట్టుకుంటుంది. నీ స్నేహితుడి షెడ్డు అద్దెది, నువ్వేమో నెలనెలా జీతం వచ్చే టీచరువి. మేనేజర్ ఎవరి వైపు చూస్తాడో నీకే తెలుసు.

అయితే కంగారు పడాల్సినంత ఆలస్యం ఇంకా కాలేదు. కంతు బాకీ 90 రోజులు దాటితే ఆ అకౌంట్ ఎన్.పి.ఎ., అంటే మొండి బాకీ అవుతుంది. మొదటి కంతు తప్పి అరవై రోజులైంది కాబట్టి నీకు ఇంకో నెల టైముంది. కంతు 14,500 చొప్పున రెండు కంతులు, పైన కొంచెం వడ్డీ, అంతే ఇప్పుడు కట్టాల్సింది. ఆ నెల గడిచిపోతే బ్యాంకు మొత్తం 4,80,000 ఒకేసారి కట్టమంటుంది, నీ అప్పుల చరిత్ర రాసుకునే సిబిల్‌లో కూడా ఆ మచ్చ పడుతుంది, రేపు ఇంటి లోనుకు వెళ్తే అక్కడ కనిపిస్తుంది. అందుకని వాడితో మాట్లాడి ఆ రెండు కంతులు వాడి చేతే కట్టించు. వాడి దగ్గర నిజంగా లేకపోతే నువ్వు కట్టడమే చవక.

కట్టేటప్పుడు మాత్రం డబ్బు వాడి చేతికివ్వొద్దు. ఇది నా సొంత అనుభవం. కడపలో ఉన్నప్పుడు తోటి ఉద్యోగి తమ్ముడి కిరాణా కొట్టుకు ష్యూరిటీ పెట్టాను. కంతులు తప్పితే మొహమాటానికి పోయి, నోట్లు లెక్కపెట్టి అతనికే ఇచ్చి బ్యాంకులో కట్టుకో అన్నాను. కొంత కట్టాడు, కొంత సరుకుకు వాడుకున్నాడు. తర్వాత నేనెంత ఇచ్చానో చూపించడానికి కాగితం ముక్క లేదు. నువ్వు నీ అకౌంట్ నుంచి నేరుగా ఆ లోన్ అకౌంట్‌కే పంపి, "ష్యూరిటీదారుగా కట్టాను" అని బ్యాంకుకు ఒక లెటర్ ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకో. ఎందుకంటే 145వ సెక్షన్ కింద ష్యూరిటీగా కట్టిన ప్రతి రూపాయీ అప్పు తీసుకున్నవాడి దగ్గర రాబట్టుకునే హక్కు నీకుంది, కట్టిన రోజు నుంచి మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి.

ఇంక మెషిన్ల సంగతి. ఈ వారంలో ఒకసారి రాయదుర్గం వెళ్లి షెడ్డులో ఎన్ని మెషిన్లు ఉన్నాయో నీ కళ్లతో చూడు. లోను ఇచ్చింది పన్నెండు మెషిన్లకు, ప్రతిదాని మీదా సీరియల్ నంబరు రేకు ఉంటుంది, దాన్ని బిల్లుతో సరిచూడు. తాకట్టు బ్యాంకు పేరున ఉన్నా మెషిన్లు ఉండేది వాడి దగ్గరే, కష్టం వస్తే ఒకటీ రెండూ అమ్ముకోవడం మామూలే. నాలుగు లేవనుకో, ఆ మాట వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పు. దీనికో కారణముంది. 141వ సెక్షన్ ప్రకారం బ్యాంకు నీ అనుమతి లేకుండా తాకట్టును వదులుకుంటే, ఆ విలువ మేరకు నువ్వు బయటపడతావు. వాడు దొంగచాటుగా అమ్మితే అది బ్యాంకు తప్పని వాదించడం కష్టం, కానీ నువ్వు చెప్పాక కూడా కదలకపోతే నీ లాయర్‌కు పట్టు దొరుకుతుంది. ఒక చిక్కుంది, బ్యాంకులు అచ్చేయించే గ్యారంటీ పత్రంలో ఇలాంటి హక్కులు వదులుకున్నట్టు చాలాసార్లు ముందే రాసి ఉంటుంది. అందుకే నువ్వు సంతకం పెట్టిన పత్రం కాపీ అడిగి తీసుకో.

ఆ కాపీలో ఇంకో రెండు చూడు. నీ బాధ్యత ఎంత మొత్తానికి అని రాసి ఉంది, ఈ లోనుకే పరిమితమా లేక వాడు ముందుముందు తీసుకునే వాటికి కూడానా. నీ జీతం అకౌంట్ ఆ బ్యాంకులోనే ఉంటే, అందులోంచి నేరుగా తీసుకునే క్లాజు ఉందేమో కూడా చూడు. ఈలోపు మేనేజర్ ఏ కొత్త కాగితం ఇచ్చినా, "గడువు పొడిగిస్తున్నాం, ఇక్కడొక సంతకం" అన్నా, నాకు చూపించకుండా పెట్టొద్దు.

ఒకవేళ ఇదంతా కుదరక మొత్తం నీ మీదే పడితే ఎలా ఉంటుందో లెక్క చెప్తాను. 4,80,000 నువ్వే కట్టేశావనుకో, బ్యాంకుకు ఆ మెషిన్ల మీదున్న హక్కు 140, 141 సెక్షన్ల ప్రకారం నీకు వస్తుంది. అవి 1,80,000కు అమ్ముడుపోతే నీ నష్టం 3,00,000. మీ ఇద్దరూ ఒకే అప్పుకు సమానంగా ష్యూరిటీలు కాబట్టి అందులో సగం, 1,50,000, ఆ బావమరిది నీకివ్వాలి, అది 146వ సెక్షన్. అతను మంచివాడని, చుట్టం చుట్టం గొడవ ఎందుకని నువ్వు అడగకుండా ఊరుకుంటావని నా భయం.

నువ్వు కట్టకపోతే బ్యాంకు సివిల్ కోర్టుకు వెళ్తుంది, 20 లక్షల లోపు కాబట్టి బ్యాంకు బాకీల వసూలు కోసం ఉన్న డి.ఆర్.టి. అనే ట్రిబ్యునల్‌కు కాదు. సమన్లు వస్తే తీసుకో, తిప్పి పంపొద్దు, ముప్పై రోజుల్లో జవాబు వేయాలి. లేకపోతే నీ మాట వినకుండానే డిక్రీ, అంటే డబ్బు కట్టమని కోర్టు తీర్పు, వచ్చేస్తుంది. డిక్రీ వచ్చాక జీతం జప్తు చేయొచ్చు గానీ మొత్తం కాదు: మొదటి వెయ్యి వదిలేసి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు నీకే ఉంటాయి. నీ జీతంలో 58,000 లెక్కలోకి వస్తే నెలకు 19,000 పోతుంది, ఒకే డిక్రీకి మొత్తం 24 నెలలు మించి జప్తు చేయడానికి లేదు. నీ పి.ఎఫ్. డబ్బు ముట్టుకోలేరు. ఇది మీ ఆవిడకు కూడా చెప్పు, ఇల్లు పోతుందేమోనని ఆమె టెన్షన్ పడుతోందని మీ అమ్మ చెప్పింది. నువ్వు ఇల్లు తాకట్టు పెట్టలేదు కాబట్టి బ్యాంకు నేరుగా వచ్చి తాళం వేయలేదు, ఏదైనా డిక్రీ తర్వాత కోర్టు ద్వారానే.

శనివారం బ్యాంకు పని పూర్తి చేసుకుని, ఆదివారం అనంతపురం రా. గ్యారంటీ పత్రం, లోన్ స్టేట్‌మెంట్, మెషిన్ల బిల్లు తెచ్చుకో. జిరాక్స్ రెండు సెట్లు తీయించు, ఒకటి నా దగ్గరుంటుంది.

మీ పెదనాన్న