రిజల్ట్స్ తర్వాతి డ్రిఫ్ట్: మీ లెక్క ఏ రోజు నుంచి మొదలవుతోంది?

"సర్, రిజల్ట్స్ బాగా వచ్చిన షేర్లు ఆ తర్వాత కూడా రెండు మూడు నెలలు పెరుగుతూనే ఉంటాయంట కదా. పాత డేటాతో చెక్ చేస్తే ఒక్కో ట్రేడ్‌కి సగటున 8 శాతం పైనే వస్తోంది. డబ్బు పెట్టొచ్చా?"

ఇప్పుడే పెట్టకండి, ముందు ఆ 8 శాతం ఎక్కడ్నుంచి వచ్చిందో చూద్దాం. మీరు చెప్పిన ఈ రిజల్ట్స్ తర్వాతి పెరుగుదలనే డ్రిఫ్ట్ అంటారు, అది ఉత్తమాట కాదు, 1968లో బాల్, బ్రౌన్ అనే ఇద్దరు అకౌంటింగ్ ప్రొఫెసర్లు దీన్ని గమనించారు, 1989లో బెర్నార్డ్, థామస్ ఇంకా లోతుగా చూశారు. కానీ రిజల్ట్స్ రోజు వచ్చే జంప్ వేరు, ఆ తర్వాత మెల్లగా సాగే డ్రిఫ్ట్ వేరు, మన చేతికొచ్చేది రెండోదే.

ఒక షేర్ అనుకోండి, మంగళవారం 200 దగ్గర క్లోజ్ అయింది, మార్కెట్ మూసేశాక రిజల్ట్స్ వచ్చాయి, బుధవారం ఒకేసారి ఎగిరి 212 దగ్గర క్లోజ్ అయింది, గురువారం 214, ఇంకో మూడు నెలలకి 221. డేటాలో ప్రకటన తేదీ మంగళవారం అని ఉంటుంది కాబట్టి చాలామంది మంగళవారం క్లోజ్ నుంచే లెక్కేస్తారు, పదిన్నర శాతం కనిపిస్తుంది. కానీ మీరు 200కి ఎలా కొంటారండీ, అప్పటికి రిజల్ట్సే రాలేదు కదా! సున్నా రోజు, అంటే రిజల్ట్స్ తెలిశాక మార్కెట్ మొదటిసారి నడిచిన రోజు, బుధవారం. నంబర్లు చదివి, లెక్కేసుకుని, గురువారం క్లోజ్‌లో 214కి కొన్నారనుకుంటే వచ్చేది 3.3 శాతం. అదే టైంలో ఇండెక్స్ 1.5 శాతం పెరిగితే అది తీసేయాలి, మిగిలింది 1.8. కొనడానికి అమ్మడానికి కలిపి ఖర్చు 0.6 అనుకుంటే చివరికి 1.2. చిన్న షేర్లలో డ్రిఫ్ట్ ఎక్కువ కనిపిస్తుంది గానీ కొనేవాళ్లు ఇస్తామనే బిడ్‌కి అమ్మేవాళ్లు అడిగే ఆస్క్‌కి మధ్య తేడా కూడా అక్కడే ఎక్కువ, కాబట్టి అన్నిటికీ ఒకటే ఖర్చు వేయొద్దు.

ఇంకో తప్పు, ఇది నేను కూడా ఒకప్పుడు చేశాను: 400 రిజల్ట్స్ ప్రకటనలు ఉన్నాయి కాబట్టి 400 సాక్ష్యాలు అనుకోవడం. అవన్నీ కొన్ని వారాల్లోనే గుంపుగా వస్తాయి, తర్వాతి 60 ట్రేడింగ్ రోజులూ దాదాపు ఒకే మార్కెట్‌లో నడుస్తాయి, ఒకే సెక్టార్ పెరిగితే అన్నీ కలిసి పెరుగుతాయి. అందుకే ఒక్కో క్వార్టర్‌లో వచ్చిన ట్రేడ్లన్నిటికీ ఒకే సగటు తీయండి, ఎనిమిదేళ్ల డేటా ఉంటే మీ దగ్గరున్నవి 32 సంఖ్యలు మాత్రమే. ఆ 32లో ఎన్ని ప్లస్, ఎన్ని మైనస్, బాగా పెరిగిన రెండు క్వార్టర్లు తీసేస్తే సగటు ఇంకా నిలబడుతోందా చూడండి. సున్నాకి దగ్గరగా పడిపోతే అది డ్రిఫ్ట్ కాదు, ఆ రెండు క్వార్టర్ల అదృష్టం.

అలాగే ఇప్పుడు లిస్ట్‌లో ఉన్న కంపెనీలతోనే టెస్ట్ చేసుంటే, మూతపడినవి కూడా కలిపి మళ్లీ నడపండి. ఇదంతా చేశాక వచ్చే నంబర్ పంపండి, ఎంత పెట్టాలో అప్పుడు మాట్లాడదాం.