హై-లోనా, లీస్ట్ స్క్వేర్సా? ముందు కరెంటు బిల్లు తిరగేయండి

ప్రశ్న: సీఎంఏ ఇంటర్ చదువుతున్నాను. మిక్స్‌డ్ కాస్ట్‌ని ఫిక్స్‌డ్, వేరియబుల్‌గా విడదీయడానికి హై-లో మెథడ్ ఉండగా లీస్ట్ స్క్వేర్స్ ఎందుకు? బయట పనిలో నిజంగా ఏది వాడతారు?

నేను పశ్చిమ గోదావరిలో రైసు మిల్లుల లెక్కలు చూస్తుంటాను. ఈ రెండు పద్ధతుల్లో ఏది గొప్ప అని కొట్టుకునేవాళ్లు బిల్లు మొదటి పేజీ మాత్రమే చూస్తారని నా నమ్మకం. ఎందుకంటారా, ఒక మిల్లు సంగతి చెబుతాను. అంకెలు వేలకు సర్దాను.

అక్టోబరులో 200 టన్నుల ధాన్యం ఆడించారు, కరెంటు బిల్లు 2,44,000. నవంబరులో 600 టన్నులకు 3,46,000. డిసెంబరు మంచి సీజను, 1,000 టన్నులకు 5,00,000. జనవరిలో 800 టన్నులకు 4,12,000. ఫిబ్రవరి, మార్చి నెలల్లో 500 టన్నుల చొప్పున ఆడిస్తే బిల్లులు 3,04,000, 2,94,000 వచ్చాయి.

అక్కడి గుమస్తా హై-లో వేశాడు. ఎక్కువ పని డిసెంబరు, తక్కువ పని అక్టోబరు. 800 టన్నుల తేడాకు బిల్లులో తేడా 2,56,000, అంటే టన్నుకు 320. డిసెంబరు బిల్లులోంచి 3,20,000 తీసేస్తే నెలకు 1,80,000 ఫిక్స్‌డ్. చేసిన లెక్కలో తప్పేమీ లేదు. ఆ 320ని పట్టుకుని యజమాని బయటివాళ్ల ధాన్యం 300 టన్నులు ఆడించడానికి రేటు ఒప్పేసుకున్నారు. ఆ పని అయ్యాక బిల్లు పట్టుకుని నా దగ్గరికొచ్చారు. "టన్నుకి మూడొందల ఇరవై అన్నారు కదండీ, మరి ఇదేంటండీ, అదనంగా లక్షా ఇరవై వేలు పెరిగింది?" ఆయన లెక్క ప్రకారం పెరగాల్సింది 96,000.

వాళ్లబ్బాయి బీటెక్. హై-లో రెండు నెలలనే చూస్తుంది కాబట్టే ఇలా అయ్యిందని, ఆరు నెలలూ ఎక్సెల్‌లో పెట్టి లీస్ట్ స్క్వేర్స్ వేశాడు. బి కాలమ్‌లో టన్నులు, సి కాలమ్‌లో బిల్లు. ఖర్చును ముందు ఇవ్వాలి, టన్నులు తర్వాత:

```
=SLOPE(C2:C7,B2:B7)
=INTERCEPT(C2:C7,B2:B7)
=RSQ(C2:C7,B2:B7)
```

టన్నుకు 329, ఫిక్స్‌డ్ సుమారు 1,52,600, ఆర్-స్క్వేర్ 0.96 వచ్చాయి. "తొంభై ఆరు శాతం అండీ" అని అబ్బాయి మురిసిపోయాడు. ఆర్-స్క్వేర్ చూసి మురిసిపోయేవాళ్లంటే నాకు భయం. టన్నులు పెరిగితే బిల్లు పెరుగుతుందన్న మాట మాత్రమే అది చెబుతోంది. ఆ మాట మిల్లు వాచ్‌మన్‌ని అడిగినా చెబుతాడు. ఫిక్స్‌డ్ అంకె సరైనదా కాదా అన్నది దాని పని కాదు.

లీస్ట్ స్క్వేర్స్ ఆరు నెలలనూ చూస్తుంది, నిజమే. కానీ అన్నిటినీ సమానంగా చూడదు. సగటు 600 టన్నులు. ప్రతి నెలా ఆ సగటుకు ఎంత దూరంలో ఉందో వందల టన్నుల్లో రాసి వర్గం చేయండి. అక్టోబరు 16, నవంబరు 0, డిసెంబరు 16, జనవరి 4, ఫిబ్రవరి 1, మార్చి 1. మొత్తం 38. స్లోప్ లెక్కలో కింద వచ్చేది ఈ 38. అందులో 32 అక్టోబరు, డిసెంబరులవే. అంటే హై-లో ఏ రెండు నెలలను నమ్ముకుందో, లీస్ట్ స్క్వేర్స్ కూడా చాలావరకు వాటినే నమ్ముకుంది. సగటుకు దూరంగా ఉన్న నెల తప్పైతే గీత మొత్తాన్ని అటే లాగేస్తుంది. 320 కాస్తా 329 అయ్యిందంతే.

తప్పు నెల ఏదో పట్టుకోవడానికి సూత్రాలు అక్కర్లేదు, గ్రాఫు కాగితం చాలు. ఆరు చుక్కలు పెట్టి, అక్టోబరును వేలితో మూసి, మిగతా ఐదింటి మీదుగా స్కేలు పెట్టండి. దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. ఆ గీతను 200 టన్నుల దాకా పొడిగిస్తే 1,80,000 దగ్గర తగులుతుంది. అక్టోబరు చుక్క మాత్రం 2,44,000 దగ్గర పైన వేలాడుతోంది.

బిల్లు తీయించి వరుసలన్నీ చదివాను. సర్దుబాటు ఛార్జీల కింద 64,000 ఉంది. వెనకటి సీజన్లో వాడిన యూనిట్ల మీద లెక్కగట్టి ఇప్పుడు వసూలు చేస్తున్న డబ్బు అది. ఈ ట్రూ అప్ బాదుడు గురించి మొదలుపెడితే ఇంకో జవాబు రాయాలి. అప్పుడెప్పుడో ఆడించిన బియ్యం అమ్ముడైపోయి, తిని అరిగిపోయాక దాని కరెంటు ఖర్చు ఇప్పుడు చెబితే ఎవరి దగ్గర వసూలు చేయాలి? సరే, ఆ 64,000 అక్టోబరు పనిది కానే కాదు. తీసేస్తే 1,80,000. ఇప్పుడు హై-లో వేయండి: టన్నుకు 400, ఫిక్స్‌డ్ 1,00,000. లీస్ట్ స్క్వేర్స్ వేయండి: టన్నుకు 396, ఫిక్స్‌డ్ 1,01,500. బిల్లు శుభ్రం చేశాక రెండు పద్ధతులూ ఒకే మాట చెబుతున్నాయి. యజమానికి పెరిగిన లక్షా ఇరవై వేలూ 300 టన్నులకు 400 లెక్కన సరిపోయాయి.

ఇంకో రుజువు అదే బిల్లులో ఉంది. మిల్లులకు ఇచ్చే హెచ్‌టీ, అంటే హైటెన్షన్ కనెక్షనుకు డిమాండ్ ఛార్జీ వరుస వేరేగా వేస్తారు. ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండు, ఒప్పందం చేసుకున్న డిమాండులో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. మిల్లు పడుకున్నా ఇది తప్పదు. ఈ మిల్లుకు అది సుమారు 85,000. ఆఫీసు, కళ్లం లైట్లు, బోరు మోటారు కలిపినా లక్ష దాటదు. 1,52,600 ఫిక్స్‌డ్ అని ఎక్సెల్ చెప్పినప్పుడే మిగతా యాభై వేలు దేనికని అడగాల్సింది. అయితే సీజన్లో మోటార్లన్నీ ఒకేసారి నడిపితే గరిష్ఠ డిమాండు ఆ 80 శాతం దాటుతుంది, అప్పుడు ఈ 'ఫిక్స్‌డ్' కూడా ఒక మెట్టు ఎక్కుతుంది. అందుకే 1,000 టన్నులు దాటిన నెలకు ఈ గీతను నమ్మను.

మీ ప్రశ్నకు వస్తే, నేను రెండూ వేస్తాను. రెండింటికీ తేడా బాగా వస్తే పద్ధతిని మార్చను, బిల్లులు తిరగేస్తాను. దగ్గరగా వచ్చినా డిమాండ్ ఛార్జీతో పోల్చకుండా వదలను, పైన 320, 329 దగ్గరగానే ఉన్నాయి కదా. మీటరు రీడింగు తేదీ కూడా చూస్తాను. రీడింగు నెల మధ్యలో తీస్తే టన్నుల రిజిస్టరును కూడా ఆ తేదీలకే కూడాలి. నెలాఖరు టన్నుల పక్కన నెల మధ్య బిల్లు పెట్టేవాళ్లను చాలామందినే చూశాను.

పరీక్షలో మాత్రం హై-లో అడిగితే ఎక్కువ, తక్కువ అనేవి పనిని బట్టి ఎంచుకోండి, రూపాయలను బట్టి కాదు. పై ఆరు నెలల్లో ఎలా ఎంచుకున్నా ఒకే జవాబు వస్తుంది. కానీ ప్రశ్న తయారుచేసేవాళ్లు తక్కువ టన్నుల నెలకే పెద్ద మరమ్మతు బిల్లు తగిలిస్తారు, మార్కులు అక్కడే పోతాయి.